ఫొటోలో 180... పొట్లంలో 320!

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు కొనడానికి దిగినవాళ్లకి ఫొటోతో పనిలేదు. దుకాణంలో డబ్బాలు వరసగా ఉంటాయి. అడిగితే యజమాని ఒక్కోదాంట్లోంచి గుప్పెడు తీసి అరచేతిలో పోస్తాడు. ఇది పెద్ద గుండు, ఇది నడిపిది, పాయసానికైతే ఇది చాలు అంటాడు. నచ్చకపోతే చెయ్యి పక్క డబ్బా మీదకి పోతుంది. ఒకటి కొరికి చూస్తే మెత్తబడిందో లేదో తెలిసిపోతుంది. సైజు, రంగు, ముక్కలు, తాజాదనం అన్నీ అక్కడికక్కడే తేలిపోతాయి.

అదే పప్పుని ఆన్‌లైన్లో పెట్టి అమ్మితే అరచెయ్యి చేసే పనంతా ఫొటో చెయ్యాలి. పలాస పప్పు విషయంలో ఫొటో ఎక్కువగా బోల్తా కొట్టేది సైజు దగ్గరే. ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. ఇందులో మనుషులు, ఆర్డరు మనం అనుకున్నవే. చిక్కు మాత్రం ఈ వ్యాపారంలో ఉన్న ఎవరికైనా తెలిసిందే.

కాశీబుగ్గలో ఒకావిడ ఫ్యాక్టరీల దగ్గర పప్పు కొని, ఇంటి దగ్గర అరకిలో పొట్లాలు కట్టి అమ్ముతుంటారు. ఫోను వ్యవహారమంతా మరిదిది. విజయనగరం నుంచి ఒక తల్లి, కూతురి సారె కోసం నాలుగు పొట్లాలు తెప్పించుకున్నారు. బుధవారం పొద్దున్న రెండు విప్పి చూసి ఇలా రాశారు: "ఫొటోలో ఒక్కో పప్పు బొటనవేలి కొసంత ఉంది. వచ్చినవి చూస్తే చిన్నవి. అడుగున ముక్కలు కూడా ఉన్నాయి. ఆదివారం సారె పంపాలి. ఇవి పళ్లెంలో పెడితే వియ్యాలవారి ముందు మా పరువేం కావాలి?"

మరిది వెంటనే జవాబు కొట్టేశాడు, పంపలేదు గానీ: "డియర్ కస్టమర్, ఫొటో నమూనా కోసం మాత్రమే. జీడిపప్పు సహజంగా పండేది కనుక సైజులో తేడాలుంటాయి. గ్రేడ్ ఏదో వివరాల్లో రాసే ఉంది." ఇలాంటి జవాబులు మనందరం అందుకున్నవే. మూడు వాక్యాలూ మర్యాదగానే ఉన్నాయి. మూడూ నిలబడవు.

"వదినా, కింద డబ్ల్యూ-320 అని రాసేం కదా. చదవకపోతే మనదేటి తప్పు?" అన్నాడతను.

"చదివితే మటుకు ఏటి తెలుస్తాది బాబూ? 180 కన్నా 320 పెద్దదే అనుకుంటారు" అందావిడ.

అసలు ముడి అక్కడే ఉంది.

అంకె పెరిగితే గింజ తగ్గుతుంది

జీడిపప్పు గ్రేడులో 'డబ్ల్యూ' అంటే విరగని తెల్ల గుండు. పక్కనున్న అంకె, ఒక పౌనుకి ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే పై హద్దు. పౌను అంటే 454 గ్రాములు. ఎగుమతుల లెక్క కాబట్టి కిలోలు వచ్చాక కూడా ఆ కొలత అలాగే ఉండిపోయింది. పౌనుకి 180 లోపే తూగితే గింజ పెద్దది. 300 నుంచి 320 దాకా తూగితే చిన్నది. అంకె పెరిగేకొద్దీ గింజ సైజు, దానితో పాటు ధర తగ్గుతాయి. ఈ తిరకాసు దుకాణదారుడికి నోటి లెక్క. విజయనగరంలో సారె సర్దుకుంటున్న తల్లికి అది తెలిసే దారి లేదు.

కిలోల్లో చెప్పుకుంటే ఇంకా సుళువు. డబ్ల్యూ-320లో కిలోకి 660 నుంచి 706 గుండ్లు తూగుతాయి. డబ్ల్యూ-240లో 485 నుంచి 530 దాకా. డబ్ల్యూ-180 అయితే 395కి మించవు. వంటింటి కాటా మీద వంద గ్రాములు పెట్టి లెక్కపెడితే 320 గ్రేడైతే 66 నుంచి 71 గింజలు రావాలి, 240 అయితే యాభై అటూ ఇటూ, 180 అయితే నలభై లోపు. ఇంత తేలికైన పరీక్ష చాలా సరుకులకి దొరకదు.

ఇప్పుడు మరిది రాసిన రెండో వాక్యం చూడండి. సహజంగా పండేదే, తేడాలుంటాయి, నిజమే. కానీ ఒక గ్రేడు లోపల ఆ తేడా కిలోకి ఓ యాభై గింజలు. 180కీ 320కీ మధ్య తేడా 260 గింజలకి పైమాటే. మొదటిది చెట్టు చేసిన తేడా. రెండోదాన్ని చెట్టు మీదకి తోసెయ్యడం కుదరదు.

మూడో వాక్యం, వివరాల్లో రాశాం అన్నది. కొనేవాడు ముందు చూసేది బొమ్మ. బొమ్మ ఒకటి చెప్పి, కింద చిన్న అక్షరం ఇంకొకటి చెబితే మనసులో నిలిచేది బొమ్మే. ఇక మొదటి వాక్యం, 'నమూనా కోసం మాత్రమే' అన్నది, చట్టం ముందు కూడా బలహీనమే. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, ప్రకటనలో చూపించిన లక్షణాలు సరుకులో లేకపోతే ఆన్‌లైన్ వేదిక మీద అమ్మేవారు దాన్ని వెనక్కి తీసుకోబోమనీ, డబ్బు ఇవ్వబోమనీ అనడానికి లేదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ తేలకపోతే కొన్నవారికి 1915 నంబరు ఉండనే ఉంది.

తప్పు ఎక్కడ పడింది?

జవాబు రాసేముందు ఆవిడ చేసిన పని నాకు నచ్చింది. కొన్నావిణ్ని రుజువులు అడగలేదు. వంద గ్రాములు తూచి లెక్కపెట్టి పంపండి అంటే, సారె హడావిడిలో ఉన్న మనిషికి ఒళ్లు మండదూ? ఒకే ఒక్క ఫొటో అడిగారు: పళ్లెంలో పది గింజలు, పక్కన పది రూపాయల బిళ్ల. ఆ బిళ్ల అడ్డంగా 27 మిల్లీమీటర్లు. దేశంలో ఎక్కడైనా ఒకటే కాబట్టి కొలబద్దలా పనికొస్తుంది. పొట్లం వెనక కట్టిన తేదీ కూడా కనబడితే చాలన్నారు.

లెక్కపెట్టే పని తన మీదే వేసుకున్నారు. ఆ పొట్లాలు కట్టిన డబ్బా ఇంకా ఇంట్లోనే ఉంది. వేర్వేరు చోట్ల నుంచి వంద గ్రాములు తీసి మూడుసార్లు లెక్కపెడితే 68, 70, 69 వచ్చాయి. అంటే ఫ్యాక్టరీ మోసం చెయ్యలేదు, పొట్లంలో వేరే సరుకు పడలేదు. వెళ్లింది సరైన 320 గ్రేడే. ఇది తేలకుండా ఫ్యాక్టరీ మీదకి వెళ్లినా, కొన్నావిడతో వాదించినా రెండూ వృథాయే.

తరవాత, కొన్నావిడ ఏ పేజీ చూశారో ఆ పేజీనే కొనేవాళ్లలా తెరిచి చూశారు. అప్పుడు దొరికింది దొంగ. ఒకే పేజీలో మూడు గ్రేడులు పెట్టారు: 180, 240, 320. పైన బొమ్మ మాత్రం ఒక్కటే, అదీ 180ది. కింద గడి నొక్కితే ధర మారుతుంది, బొమ్మ మారదు. కొన్నావిడ తక్కువ ధర ఉన్న గడి నొక్కారు, కళ్ల ముందు పెద్ద గుండ్లు అలాగే ఉన్నాయి. బేరం బాగుందనుకుని నాలుగు పొట్లాలు తీసుకున్నారు.

పైగా ఆ బొమ్మ తీసిన తీరు ఇంకో మాయ చేసింది. గింజలకి ఫోను మరీ దగ్గరగా పెట్టి తీస్తే ముందు వరసలోవి ఉబ్బినట్టు కనిపిస్తాయి, వెనకవి చిన్నబోతాయి. చిన్న గిన్నెలో గుట్టగా పోశారు. పక్కన పోల్చుకోవడానికి చెంచా అయినా లేదు. 180 గుండే అసలుకన్నా పెద్దదిగా కనబడిందంటే, 320 అందుకున్నవారికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ముక్కల సంగతి వేరే. అదే రోజు కట్టి అమ్మకుండా మిగిలిన పొట్లం ఒకటి విప్పి ఏరితే రెండు మూడు ముక్కలే ఉన్నాయి. కొన్నావిడ పంపిన ఫొటోలో అడుగున పొడి రాలి ఉంది, విరిగిన అంచులు తెల్లగా, పదునుగా ఉన్నాయి. దారిలో విరిగినవాటికి ఇవే గుర్తులు. పప్పు బాగా ఎండితే పెళుసెక్కుతుంది. వదులుగా నింపిన పొట్లం ప్రతి కుదుపుకీ గింజని గింజతో కొట్టిస్తుంది. మరీ తేమ ఉంచినా ప్రమాదమే. 5 శాతం దాటితే మెత్తబడి బూజుకి దారి. కాబట్టి విరగకుండా ఉండడానికి మందు పొట్లంలో గాలి తగ్గించి బిగువుగా కట్టడం, గట్టి అట్టపెట్టెలో పెట్టడం. ఆ ముక్కలకి కొరియర్‌ని తిట్టుకుంటే తిట్టుకోవచ్చు గానీ, కొన్నావిడకి జవాబుదారీ అమ్మినావిడే.

ఏం రాశారంటే

మధ్యాహ్నంలోగా జవాబు వెళ్లింది. ఆలస్యమైతే మంచి జవాబు కూడా ఆదివారానికి పనికిరాదు.

"అమ్మా, నమస్కారం. మీ ఫొటో చూశాను. మీరన్నది నిజమే. మా పేజీలో ఉన్న బొమ్మ అన్నిటికన్నా పెద్ద రకానిది, మీకు వచ్చింది చిన్న రకం. మూడు రకాలకీ ఒకే బొమ్మ పెట్టడం మా తప్పు. 320 అన్న అంకె రాశాం గానీ, అది చూసి సైజు తెలుసుకోవడం కష్టమే. పప్పు ఈ నెల కట్టిందే, వాడుకోవడానికి ఏ భయమూ లేదు. ముక్కలు దారిలో విరిగినట్టున్నాయి, ఆ పూచీ కూడా మాదే.

మీకు ఏది వీలైతే అది చెప్పండి. మొత్తం డబ్బు కావాలంటే ఈ రోజే ఆర్డరు పేజీలోంచే వెనక్కి వేస్తాం. విప్పిన రెండు పొట్లాలూ మీరు తిరిగి పంపనక్కర్లేదు, విప్పనివి మా ఖర్చుతో తెప్పించుకుంటాం. లేదంటే, విప్పినవి వంటకి ఉంచుకోండి, ముక్కల కింద వాటి ధరలో కొంత తగ్గించి వేస్తాం. విప్పని రెంటికీ బదులు బొమ్మలో ఉన్న పెద్ద గుండ్లు కిలో పంపుతాం, అదనంగా ఏమీ ఇవ్వనక్కర్లేదు. రేపు పొద్దున్న పలాస నుంచి ఆర్టీసీ కార్గోలో వేస్తే శుక్రవారానికి విజయనగరం కాంప్లెక్సులో తీసుకోవచ్చు. సాయంత్రం ఆరులోగా చెబితే సారెకి అందుతుంది."

ఈ ఉత్తరంలో కొన్ని సంగతులు కనబడీ కనబడకుండా ఉన్నాయి. 'మీకు అసౌకర్యం కలిగితే చింతిస్తున్నాం' లేదు. 'కలిగితే' ఏమిటి, కలిగిందిగా! తప్పు ఏమిటో ఒక్క ముక్కలో చెప్పి, ఒప్పుకుని, పప్పు పాతదేమోనన్న భయం ముందే తీర్చేసి, నిర్ణయం కొన్నావిడ చేతిలో పెట్టారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అందుతుందో చెప్పారు. రివ్యూ తీసెయ్యమని గానీ, చుక్కలు పెంచమని గానీ అడగలేదు. అలా అడిగిన క్షణంలో క్షమాపణ బేరంగా మారిపోతుంది.

డబ్బు ఆర్డరు పేజీలోంచే వెనక్కి వెయ్యడానికి ఇంకో కారణం ఉంది. రీఫండ్ పేరు చెప్పి లింకులు పంపే దొంగలు ఎక్కువయ్యారు. అమ్మేవాళ్లు నిజాయితీగానే లింకు పంపినా చూసేవాళ్లకి అనుమానం తప్పదు. ఇది కొనేవాళ్లూ గుర్తుపెట్టుకోవాల్సిందే: యూపీఐలో డబ్బు రావడానికి పిన్ను కొట్టక్కర్లేదు. కొట్టమన్నారంటే డబ్బు పోతోందని అర్థం.

ఇక లెక్క. మరిది మళ్లీ అడ్డుపడ్డాడు: "ఆవిడ కట్టింది 320 ధరే కదా వదినా, మనమేటి ఎక్కువ తీసుకోలేదు కదా?" ఈ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ కొన్నావిడ 320 కోసం వెతకలేదు, పళ్లెం నిండే గుండు కోసం వెతికారు. ఆ బొమ్మ లేకపోతే ఈ గడి నొక్కేవారే కాదు. లెక్క కోసం కిలో 320 రకం 900 రూపాయలు, 180 రకం 1,200 అనుకుందాం. మొత్తం వాపసు ఇస్తే విప్పిన కిలో 900 పోయినట్టే, ఎందుకంటే ఒకసారి విప్పిన తినే సరుకు మళ్లీ అమ్మకూడదు. రెండో దారిలో పోయేది ధరల తేడా 300, ముక్కల కింద తగ్గింపు, రానుపోను రవాణా. అయినా మొదటి దారినే ముందు రాశారు, అది కొన్నావిడ హక్కు గనక. తనకి లాభమైన దారిని మాత్రమే చూపించి ఉంటే మళ్లీ అదే పేజీ కథ అయ్యేది.

పేజీని సరిదిద్దడం

జవాబు వెళ్లాక, వెంటనే బొమ్మ మార్చేద్దామని మరిది తొందర. ఆవిడ ఆపారు. ముందు 320 గడిలో నిల్వ సున్నా చెయ్యమన్నారు, కొత్త ఆర్డర్లు ఆగుతాయి. తరవాత, పాత బొమ్మ చూసి ఆర్డరిచ్చి ఇంకా సరుకు అందనివాళ్లు ఎవరున్నారో చూడమన్నారు. ఐదుగురు తేలారు. వాళ్లకి ఫిర్యాదు రాకముందే కబురు వెళ్లింది: మీరు చూసిన బొమ్మ పెద్ద రకానిది, మీరు ఎంచుకున్నది చిన్న రకం, ఇదిగో అసలు ఫొటో, వద్దంటే ఇప్పుడే రద్దు చేస్తాం. పాత పేజీని తేదీతో సహా ఫొటో తీసి దాచారు కూడా. బొమ్మ మార్చేశాక పాత కొనుగోలుదారు ఎవరైనా ఫిర్యాదు చేస్తే, 'పేజీలో సరిగ్గానే ఉంది కదా' అని అడ్డం తిరగడానికి వీల్లేకుండా. చాలామంది అమ్మకందారులు ఇక్కడే జారతారు. గుట్టుచప్పుడు కాకుండా బొమ్మ మార్చి, పాత ఫిర్యాదుని కొత్త బొమ్మతో కొట్టేస్తారు. దాన్ని దిద్దుబాటు అనలేం.

కొత్త ఫొటోలు తీసింది ఎండ నేరుగా పడని కిటికీ పక్కన. స్టీలు పళ్లెంలో వంద గ్రాముల గుండ్లు గుట్టగా కాకుండా ఒకే పొరగా పరిచారు. పళ్లెం బరువు తీసేసిన కాటా మీద 100 అని అంకె కనబడేలా పెట్టారు. పక్కన పది రూపాయల బిళ్ల. ఫోను దగ్గరకి తీసుకెళ్లకుండా రెండడుగులు వెనక్కి నిలబడి, జూమ్ చేసి, నిట్టనిలువుగా పైనుంచి తీశారు. తెలుపు పెంచే ఫిల్టర్ల జోలికి పోలేదు. పలాస పప్పు లేత మీగడ రంగులో ఉంటే అలాగే కనబడనివ్వాలి. లేకపోతే రేపు రంగు మీద ఇంకో ఉత్తరం వస్తుంది. మూడు రకాలకీ ఇలా మూడు ఫొటోలు, మూడూ పక్కపక్కన పెట్టిన నాలుగోది ఒకటి.

తీరా ఎక్కించబోతే రెండు అడ్డంకులు. కొన్ని అమ్మకపు వేదికలు మొదటి బొమ్మ తెల్లటి నేపథ్యంలోనే ఉండాలంటాయి, బిళ్లా కాటా లాంటివి ఒప్పుకోవు. అందుకని మొదటి బొమ్మగా లోపలి గింజ కనబడే పారదర్శకపు పొట్లాన్నే పెట్టి, కాటా ఫొటోని రెండో స్థానంలోకి జరిపారు. రెండోది, ఫోను తెర మీద బొమ్మని చదరంగా కోసేసినప్పుడు అంచున ఉన్న బిళ్ల ఎగిరిపోయింది. బిళ్లని పళ్లెం మధ్యకి జరిపి, కాటా మీద దాని బరువు కూడా తీసేసి మళ్లీ తియ్యాల్సి వచ్చింది.

మాటలు కూడా మారాయి. పేరులోనే 'చిన్న గుండ్లు' అని వచ్చింది, దాని పక్కన డబ్ల్యూ-320. కింద "అరకిలోకి సుమారు 330 నుంచి 350 గుండ్లు. పాయసం, పులావు, ఉప్మాకి బాగుంటాయి. పళ్లెంలో పెట్టడానికి, కానుకలకి పెద్ద గుండ్లు చూడండి. దారిలో కొన్ని విరగవచ్చు, చెంచాడు కన్నా ఎక్కువుంటే ఫొటో పంపండి." దేనికి పనికిరాదో కూడా చెప్పే వాక్యం అమ్మకాల పేజీల్లో అరుదు. సారె తల్లికి ఆ ఒక్క వాక్యం కనబడి ఉంటే ఈ గొడవే లేదు.

మూడు రకాల్నీ ఒకే పేజీలో ఉంచకుండా విడగొట్టారు. కారణం బొమ్మ ఒక్కటే కాదు, రివ్యూలు. పెద్ద గుండ్లు కొన్నవాళ్లు ఇచ్చిన ఐదు చుక్కలు చిన్న గుండ్లకి కూడా అతుక్కుని ఉన్నాయి. 'ఎంత పెద్ద గింజో!' అని ఎవరో రాసిన మెప్పు 320 గడి కింద కూడా కనబడుతోంది. పేజీ విడగొడితే 320 రకం సున్నా నుంచి మొదలవుతుంది. మరిది మొహం మాడ్చుకున్నాడు. ఈ వ్యాపారంలో చుక్కలు పోగొట్టుకోవడం కన్నా బాధ ఇంకోటి లేదు మరి. అయినా అవి ఆ సరుకు సంపాదించుకున్న చుక్కలు కావు.

పనిలో పనిగా ఇంకో మాట దిద్దారు. పేజీలో 'ఉద్దానం తోటల పలాస జీడిపప్పు' అని ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటల్ని కూకటివేళ్లతో పెకలించింది. కొత్త మొక్క కాపుకొచ్చి నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది. పలాస ఫ్యాక్టరీలకి ఆఫ్రికా దేశాల నుంచి కూడా జీడిపిక్కలు వస్తాయి. పిక్క ఎక్కడిదైనా, కాల్చి, కొట్టి, పొట్టు తీసి, గ్రేడు చేసే చేతులు మాత్రం పలాసవే. ఈ డబ్బాలోది ఏ పిక్కో ఫ్యాక్టరీవాళ్లు కచ్చితంగా చెప్పలేదు. అందుకని ఆ వాక్యం 'పలాసలో తయారైన జీడిపప్పు' అయింది. ఫొటోలో సైజుని దిద్దుకుంటూ మాటల్లో తోటని అలాగే ఉంచేస్తే సగం పనే అయినట్టు.

చివరిగా, పక్కింటి అమ్మాయికి ఫోనిచ్చి, గోరంత బొమ్మలు వరసగా కనబడే చోట కొత్త పేజీ చూపించారు. వివరాలు చదవనివ్వలేదు. టేబులు మీద మూడు రకాల గింజలు పెట్టి, "ఈ పొట్లం కొంటే నీకు ఏది వస్తాది?" అని అడిగారు. ఆ అమ్మాయి నడిపి గింజ పట్టుకుంది. అంటే ఇంకా కాస్త పెద్దదిగానే కనబడుతోంది. పొట్లం ఫొటోని ఇంకొంచెం దూరం నుంచి తీసి, పక్కన పొట్లం ఎత్తు సెంటీమీటర్లలో వేశాక చిన్న గింజ పట్టుకుంది.

వచ్చే వారం 320 రకం కొత్త డబ్బా వస్తుంది. మూత తియ్యగానే వంద గ్రాములు తూచి లెక్కపెట్టడం, 71 దాటితే డబ్బా మీద ఏ అంకె ఉన్నా ఫ్యాక్టరీకి వెనక్కి పంపడం, సరిపోతే కొత్త ఫొటో తియ్యడం ఇకనుంచి మరిది పని. వదిన ఆ మూడు అంకెలూ అట్టముక్క మీద రాసి కాటా పక్కన గోడకి అంటించారు: 40 లోపు, 50, 70.